ఫ్లాస్కులో ఏం మిగిలిందో చూసి, ఆ తర్వాతే హెండర్సన్

ప్రశ్న: సార్, నేను ఇంటర్ సెకండియర్ బైపీసీ. నీట్, ఈఏపీసెట్ రెండూ రాస్తున్నాను. మెడిసిన్ సీటు రాకపోతే బీఫార్మసీ చేద్దామనుకుంటున్నాను. హెండర్సన్ ఈక్వేషన్ నాకు కంఠతా వచ్చు, కానీ టైట్రేషన్ మీద ప్రశ్న వస్తే సగం తప్పే. ఎక్కడ వాడాలో తెలియట్లేదు. ఈ టాపిక్ వదిలేసి ఆర్గానిక్ మీద కూర్చోమంటారా?

జవాబు: వదలొద్దమ్మా. ఈక్వేషన్ నోటికి వచ్చేసింది కాబట్టి నీకు కష్టమైన పని అయిపోయినట్టే. మిగిలింది అంతకుముందు వేయాల్సిన చిన్న లెక్క. నా దగ్గరికి వచ్చే పిల్లల రఫ్ షీట్లు తిరగేస్తే దాదాపు అందరి తప్పూ ఒక్కచోటే కనిపిస్తుంది. ప్రశ్నలో వీక్ ఆసిడ్ అన్న మాట కనబడగానే ఫార్ములా రాసేస్తారు. ఆ క్షణంలో ఫ్లాస్కులో అసలు ఏముందో చూడరు.

ఒక్క ఉదాహరణ చివరిదాకా చేద్దాం. పెన్ను తీసుకుని నాతోపాటు వేస్తూ రా. కోనికల్ ఫ్లాస్కులో 0.1 మోలార్ అసిటిక్ ఆసిడ్ 25 మి.లీ. ఉంది. బ్యూరెట్‌లో 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్. ఆసిడ్ పీకేఏ 4.74. ఫ్లాస్కులో ఉన్న ఆసిడ్ 25 × 0.1, అంటే 2.5 మిల్లీమోల్స్. పేజీ పైన ఈ అంకె రాసుకో.

ఇప్పుడు 5 మి.లీ. బేస్ పోశాం. వచ్చింది 0.5 మిల్లీమోల్. అది ఊరికే ఉండదు, అంతే ఆసిడ్‌ను తినేసి సాల్ట్‌గా మారుతుంది. కాబట్టి ఆసిడ్ 2.0 మిగిలింది, సాల్ట్ 0.5 పుట్టింది. ఈ రెండు అంకెలు చేతికి వచ్చాకే ఈక్వేషన్:

pH = pKa + log([salt]/[acid])
pH = 4.74 + log(0.5/2.0) = 4.74 − 0.60 = 4.14

రెండూ ఒకే ఫ్లాస్కులో ఉన్నాయి కాబట్టి వాల్యూమ్ పైనా కిందా కొట్టేసుకుపోతుంది. మిల్లీమోల్స్ నేరుగా పెట్టేయవచ్చు. చాలామంది ఇక్కడే ప్రశ్నలో ఇచ్చిన 0.1, 0.1 తెచ్చి ఈక్వేషన్‌లో పెడతారు. అలా పెడితే ఎన్ని మి.లీ. పోసినా జవాబు 4.74 అనే వస్తుంది. నీ షీట్లో అలా జరుగుతోందేమో చూసుకో.

12.5 మి.లీ. దగ్గర సగం ఆసిడ్ అయిపోతుంది. ఆసిడ్ 1.25, సాల్ట్ 1.25. లాగ్ 1 సున్నా కాబట్టి పీహెచ్ సరిగ్గా 4.74. 20 మి.లీ. దగ్గర సాల్ట్ 2.0, ఆసిడ్ 0.5, పీహెచ్ 5.34. అంటే 5 నుంచి 20 దాకా 15 మి.లీ. బేస్ పోస్తే పీహెచ్ కదిలింది 1.2 మాత్రమే. గ్రాఫ్‌లో పడుకున్నట్టు కనిపించే ఆ భాగమే బఫర్ రీజియన్. సాల్ట్, ఆసిడ్ నిష్పత్తి 1/10 నుంచి 10 దాకా ఉన్నంతసేపు దాన్ని బఫర్‌గా లెక్కిస్తాం. మన ఉదాహరణలో అది సుమారు 2.3 మి.లీ. నుంచి 22.7 మి.లీ. వరకు.

ఎందుకు పడుకుంటుందో కూడా అంకెల్లోనే చూడు. సగం దగ్గర ఇంకో 1 మి.లీ. పోస్తే నిష్పత్తి 1 నుంచి 1.17కి వెళ్తుంది, పీహెచ్ 0.07 పెరుగుతుంది. అదే 1 మి.లీ. 23 నుంచి 24కి పోస్తే నిష్పత్తి 11.5 నుంచి 24కి దూకుతుంది, పీహెచ్ 0.32 పెరుగుతుంది. పోసింది అంతే, కానీ తినడానికి మిగిలిన ఆసిడ్ తక్కువ. బఫర్ బలం సగం దగ్గర ఎక్కువ అనే మాటకు అర్థం ఇదే.

ఇక ఈక్వేషన్ పనిచేయని చోట్లు. బేస్ ఒక్క చుక్క కూడా పోయకముందు సాల్ట్ లేదు, లాగ్‌లో సున్నా పడుతుంది. అక్కడ హైడ్రోజన్ అయాన్ గాఢత √(Ka × C), పీహెచ్ 2.87. సరిగ్గా 25 మి.లీ. దగ్గర ఆసిడ్ లేదు, ఉన్నదంతా సోడియం అసిటేట్. మొత్తం ద్రావణం 50 మి.లీ. అయింది కాబట్టి సాల్ట్ గాఢత 0.05 మోలార్. ఇక్కడ వాల్యూమ్ కొట్టేసుకుపోదు, మరిచిపోకు.

pH = 7 + ½ pKa + ½ log C = 7 + 2.37 − 0.65 = 8.72

తుల్య బిందువు అనగానే 7 పెట్టే అలవాటు మానుకోవాలి. 7 వచ్చేది స్ట్రాంగ్ ఆసిడ్, స్ట్రాంగ్ బేస్ జంటకే. 25 దాటాక ఎక్కువైన బేస్‌ను మాత్రమే లెక్కపెట్టు. 26 మి.లీ. దగ్గర 0.1 మిల్లీమోల్ బేస్ 51 మి.లీ.లో ఉంటుంది, పీహెచ్ 11.29.

ఇండికేటర్ ప్రశ్న కూడా ఈ లెక్కతోనే తేలుతుంది. 24.9 మి.లీ. దగ్గర పీహెచ్ 7.14, 25.1 దగ్గర 10.30. నాలుగు చుక్కల తేడాలో ఇంత దూకుడు. ఫినాఫ్తలీన్ రంగు మారేది 8.2 నుంచి 10 మధ్య, సరిగ్గా ఆ దూకుడులోనే. మిథైల్ ఆరెంజ్ 3.1 నుంచి 4.4 మధ్య మారుతుంది. మన ఫ్లాస్కులో 4.4 వచ్చేది సుమారు 7.8 మి.లీ. దగ్గర, అంటే బఫర్ రీజియన్ నడుమ. ల్యాబ్‌లో అది వేస్తే రంగు ఒక్క చుక్కకు మారదు, నెమ్మదిగా జారుతూ పోతుంది. 8 మి.లీ. దగ్గరే ఎండ్ పాయింట్ అయిపోయిందనుకుంటావు. ఇంకా రెండొంతులు ఆసిడ్ లోపలే ఉంటుంది.

అమోనియాను హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌తో చేసినా పద్ధతి ఇదే. pOH = pKb + log([salt]/[base]) అని రాసి, చివర 14లోంచి తీసేయాలి. ఆ తీసివేత మరిచి మార్కు పోగొట్టుకునేవాళ్లు ఎంతోమంది.

పరీక్షలో కాలిక్యులేటర్ ఉండదు. అందుకని నిష్పత్తి సాధారణంగా 1, 2, 3, 4, 10 లాంటి అంకెల్లోకి వచ్చేట్టు ఉంటుంది. లాగ్ 2 అంటే 0.30, లాగ్ 3 అంటే 0.48 గుర్తుంటే మిగతావి వాటిలోంచే వస్తాయి. నిష్పత్తి తలకిందులు వేశానా అన్న అనుమానం వస్తే సగం బిందువుతో పోల్చు. ఆసిడ్‌లో బేస్ సగం కంటే తక్కువ పోస్తే జవాబు పీకేఏ కంటే తక్కువ రావాలి, ఎక్కువ పోస్తే ఎక్కువ. నీట్‌లో తప్పు జవాబుకు ఒక మార్కు కోత ఉంది కాబట్టి ఈ ఐదు సెకన్లు పెట్టు. ఈఏపీసెట్‌లో కోత లేదు, అయినా చూసుకో.

వారం రోజులు రోజుకు నాలుగు లెక్కలు చాలు. ప్రతిదానికీ ముందు మూడు గడులు గీసి మిగిలిన ఆసిడ్, పుట్టిన సాల్ట్, ఎక్కువైన బేస్ రాయి. మూడో గడిలో అంకె ఉంటే హెండర్సన్ వద్దు. మొదటి రెండు గడులూ నిండితేనే వాడు. ఆర్గానిక్‌కు మిగతా సమయం ఎలాగూ ఉంటుంది.

బీఫార్మసీ అన్నావు కాబట్టి ఒక మాట. అక్కడ మొదటి సెమిస్టర్ ఫార్మాస్యూటికల్ అనాలిసిస్‌లోనే ఆసిడ్-బేస్ టైట్రేషన్లు, ఇవే గ్రాఫులు ఉంటాయి. మూడో సెమిస్టర్ ఫిజికల్ ఫార్మాస్యూటిక్స్‌లో బఫర్ ఈక్వేషన్ మళ్లీ వస్తుంది. ఈ గడుల నోట్‌బుక్ పారేయకు.