నెల్లూరు ఏజెంట్ 'మా గురించి'లో ఏం రాయాలి?

"నెల్లూరులో స్థలాలు, ఇళ్లు చూపిస్తా. పేజీలో 'నమ్మకమే మా పెట్టుబడి, రెరా అప్రూవ్డ్' అని పెట్టా. చూస్తున్నారు గానీ ఒక్కరూ ఫోన్ చేయట్లేదు. ఏం మార్చాలన్నా?"

ఆ 'రెరా అప్రూవ్డ్' దగ్గరే అనుమానం మొదలవుతుంది తమ్ముడూ. అప్రూవల్ మీకా, లేఅవుట్‌కా? రెండూ వేరు.

1. మీ ఏజెంట్ రిజిస్ట్రేషన్ నంబర్ పూర్తిగా వేయండి. rera.ap.gov.in లో చూసుకోమనండి.

2. అందరూ వదిలేసేది ఇదే: సర్టిఫికెట్‌లో ఉన్న పేరే పేజీలోనూ ఉండాలి. బోర్డు మీద 'శ్రీ సాయి ప్రాపర్టీస్', సర్టిఫికెట్‌లో మీ ఇంటిపేరుతో ఉంటే, వెతికినవాళ్లు వేరే మనిషనుకుని వెళ్లిపోతారు. రెండు పేర్లూ కలిపి రాయండి. గడువు 5 ఏళ్లే, అదీ చూసుకోండి.

3. 'నెల్లూరంతా చూపిస్తాం' అన్నట్టు ఉంటే తీసేయండి. మీరు నిజంగా తిరిగే చోట్లే చాలు. ఇలా:

"వేదాయపాళెం, దర్గామిట్టలో ఇళ్లు, స్థలాలు చూపిస్తాను. ఈసీ, లింకు డాక్యుమెంట్లు, 22ఏ జాబితా చూశాకే సైటుకు తీసుకెళ్తాను. లేఅవుట్ అయితే నుడా అనుమతి నంబర్ ముందే ఇస్తాను. కమీషన్ ఎవరి దగ్గర ఎంతో మొదటి రోజే చెప్తాను."

అమ్మేవాళ్లు చూసేది ఆ చివరి వాక్యమే. చేయని పని మాత్రం రాయొద్దు, లీగల్ ఒపీనియన్ లాయరుదే.