చాట్‌లో ఇచ్చే సమాధానానికి శీర్షికలు ఎప్పుడు పెట్టాలి?

ప్రశ్న: నేను చాట్‌లో వినియోగదారులకు జవాబులు రాస్తుంటాను. శీర్షికలు పెడితే స్పష్టంగా ఉంటుందని కొందరు, చిన్న జవాబుకు అవి బరువని కొందరు అంటున్నారు. ఎలా తేల్చుకోవాలి?

జవాబు: ఈమెయిల్ వాడేవారి సందేహాలకు చాట్‌లో జవాబులు రాయడమే నా ఉద్యోగం. జవాబు ఎంత పొడవుందన్నది కాకుండా, చదివే వ్యక్తి అందులో కొంత భాగాన్ని వదిలేయవచ్చా లేదా అన్నది చూసి నేను నిర్ణయిస్తాను.

‘పాస్‌వర్డ్ మార్చిన దగ్గర నుంచి ఫోన్‌లో మెయిల్ రావడం లేదు’ అని ఒకరు అడిగారనుకోండి. ఫోన్ ఇంకా పాత పాస్‌వర్డ్‌నే పంపుతుండటం వల్ల సర్వర్ దానిని లోపలికి రానివ్వడం లేదు, కాబట్టి ఫోన్ సెట్టింగులలో ఆ ఖాతాను తెరిచి కొత్త పాస్‌వర్డ్ ఇవ్వండి అని చెబితే చాలు. దీనినే ‘కారణం’, ‘పరిష్కారం’, ‘గమనిక’ అని మూడు శీర్షికల కింద విడగొడితే, ‘కాబట్టి’ అన్న మాటకు చోటే ఉండదు. కారణానికీ చేయవలసిన పనికీ ఉన్న సంబంధాన్ని చూపేది ఆ మాటే. పైగా ఫోన్ తెరపై ముందుగా ‘కారణం’ కనిపిస్తుంది, చేయవలసిన పని కిందికి జారిపోతుంది. ఇలాంటి జవాబు పంపినప్పుడు, అందులో ఉన్న విషయాన్నే అవతలివారు మళ్లీ అడగడం నేను చాలాసార్లు చూశాను. శీర్షిక బరువైందనడానికి అదే గుర్తు.

అదే వ్యక్తి, ‘మా ఇంట్లో ఒకరికి ఆండ్రాయిడ్, ఒకరికి ఐఫోన్, నాకు కంప్యూటర్ ఉన్నాయి, అన్నింటిలోనూ ఈ ఖాతాను ఎలా పెట్టుకోవాలి’ అని అడిగితే పరిస్థితి వేరు. ఇక్కడ ఎవరి భాగం వారికే కావాలి, మిగతాది వదిలేస్తారు. రెండు రోజుల తరువాత వెతుక్కుంటూ మళ్లీ వస్తారు కూడా. అప్పుడు ‘ఐఫోన్‌లో’, ‘కంప్యూటర్‌లో’ అనే శీర్షికలు నిజంగా దారి చూపుతాయి. ‘రెండవ పద్ధతి’ అని రాస్తే మాత్రం లాభం లేదు, ఎందుకంటే అది తనదో కాదో తెలుసుకోవడానికి కింద ఉన్నదంతా చదవాల్సి వస్తుంది. ఒక్కో భాగంలో వరుసగా చేయవలసిన పనులకు అంకెలు చాలు, ఉపశీర్షికలు అక్కరలేదు.

చాట్ కిటికీ ఏమి చూపగలదో కూడా ముందే చూసుకోవాలి. డిస్కార్డ్‌లో వరుస మొదట `## ` పెడితే అది పెద్ద అక్షరాల శీర్షికగా మారుతుంది. వాట్సాప్‌లో అలా మారదు, ఆ గుర్తులు అలాగే కనిపిస్తాయి. అక్కడ నేను భాగం పేరును `*ఐఫోన్‌లో*` అని నక్షత్రాల మధ్య రాసి, విడిగా ఒక వరుసలో ఉంచుతాను. అది ముద్దక్షరాలలో వస్తుంది, కంటికి ఆనుతుంది. రెండే భాగాలున్న జవాబుకైతే డిస్కార్డ్‌లోనూ నేను ఈ ముద్దక్షరాల పద్ధతినే వాడతాను, కాకపోతే అక్కడ పేరుకు రెండు వైపులా రెండేసి నక్షత్రాలు పెట్టాలి.