పేరు కత్తిరించి పంపినా సరిపోదు

సిస్టర్లకు, ల్యాబ్ టెక్నీషియన్లకు, డ్యూటీ డాక్టర్లకు,

వార్డు వాట్సాప్ గ్రూపుల్లో పేషెంట్ల రిపోర్టులు, కేస్‌షీట్ ఫొటోలు పెట్టడం ఇవాళ్టితో ఆపేయండి. "పేరు కత్తిరించే పంపుతున్నాం కదా సార్" అంటారని తెలుసు. నాకు ఎక్కువ భయం ఆ కత్తిరింపుతోనే.

బెంగళూరు ఆసుపత్రులకు రాయలసీమ నుంచి ఎంతమంది వస్తారో చూస్తూనే ఉన్నారు. మీలోనూ అటువైపు వాళ్లు చాలామందే. "34 ఏళ్లు, మదనపల్లె, టమాటా మండీ, హెచ్‌ఐవీ పాజిటివ్" అని మెసేజ్ వస్తే ఆ ఊరివాళ్లకు ఇక పేరెందుకు? ఆ గ్రూపులో వార్డు మారినవాళ్లూ, ఉద్యోగం మానేసినవాళ్లూ ఇంకా ఉన్నారు. వైద్యంతో సంబంధం లేనివాళ్లకు అతని అనుమతి లేకుండా ఆ సంగతి చేరవేయడం 2017 హెచ్‌ఐవీ చట్టానికి విరుద్ధం.

తెలిసినవాళ్లు పేరు లేకున్నా గుర్తుపడతారు. వైద్యం చేసే డాక్టరే పొరబడతారు. నేను ఇదివరకు పనిచేసిన చోట ఒక రాత్రి రెండు రిపోర్టులు పేర్లు లేకుండా గ్రూపులోకి వచ్చాయి. ఒకరి పొటాషియం 2.8, ఇంకొకరిది 6.2. కన్సల్టెంట్ మొదటిది చూసి "కేసీఎల్ మొదలుపెట్టండి" అని టైప్ చేసేలోపు రెండో ఫొటో వచ్చిపడింది. జవాబు దాని కిందకి చేరింది. పొటాషియం అప్పటికే 6.2 ఉన్నవాళ్లకు కేసీఎల్ ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు. డ్రిప్ పెట్టేముందు రిస్ట్‌బ్యాండ్ నంబరు, కంప్యూటర్లో రిపోర్టు సరిచూసిన సిస్టర్ వల్ల ఆ పేషెంట్ బతికిపోయారు.

కాబట్టి క్రిటికల్ వాల్యూ వస్తే ఫోన్ చేయండి. పేరు, యూహెచ్‌ఐడీ, వాల్యూ చదవండి. డాక్టర్ చెప్పిన ఆర్డర్‌ని మళ్లీ ఆయనకే చదివి వినిపించి, అవునన్నాక టైముతో సహా కేస్‌షీట్‌లో రాయండి. సంతకం 24 గంటల్లోపు తీసుకోవాలి. ఈసీజీని నోటితో చెప్పలేం, నిజమే. దాన్ని వార్డు ట్యాబ్‌లోంచి మన సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, చూడమని డాక్టర్‌కి ఫోన్ చేయండి. సొంత ఫోన్ బయటికి తీయొద్దు.

పాత ఫొటోల సంగతి. "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" నొక్కితే చాట్‌లోంచి పోతుంది గానీ, ఈలోపు గూగుల్ ఫొటోస్‌లోకి బ్యాకప్ అయిన కాపీ పోదు. ఇంట్లో అందరిదీ ఒకే అకౌంట్ అయితే ఆ కేస్‌షీట్ మీ పిల్లల ట్యాబ్‌లోనూ కనిపిస్తుంది. గ్యాలరీలో, గూగుల్ ఫొటోస్‌లో తీసేశాక బిన్ కూడా ఖాళీ చేయండి, లేకపోతే బ్యాకప్ అయినవి 60 రోజులు అక్కడే ఉంటాయి.

క్యాజువాలిటీలో సాఫ్ట్‌వేర్ తెరుచుకునేసరికి తల ప్రాణం తోకకొస్తోందని సిస్టర్లు చెప్పారు. అందులో తప్పు వాళ్లది కాదు. ఐటీ వాళ్లతో మాట్లాడే పని నాది. ఈలోపు అది మొరాయిస్తే డ్యూటీ ఆర్‌ఎంఓకి ఫోన్ చేయండి, అర్ధరాత్రైనా సరే.