మెమోలో తెలుగు, వీడియోలో పోతన

సందేహం: మా ఛానల్‌లో పద్యాల వీడియోలు పెడతాం. ఆరుగురు ఎడిటర్లు ఉన్నారు. ఒకే కవిని ఒకరు పోతన అంటారు, ఇంకొకరు పోతన్న అంటారు, మరొకరు పోతనామాత్యులవారు అంటారు. అందరికీ ఒకే పద్ధతి ఉండాలని ఒక మెమో తయారు చేశాను. దాని మొదటి వాక్యం: ‘మన ఛానెల్ వీడియోల నామకరణం మరియు వర్ణన ఇకపై ఏకరీతిగా చేయబడవలెను.’ ఇది తెలుగు వాక్యమే కాదని ఒక ఎడిటర్ అన్నాడు. నిజమేనా? కవుల పేర్లలో ఏది సరైనదని రాయమంటారు? ఒక నమూనా కూడా ఇవ్వగలరా?
– ఒక ఛానల్ మేనేజర్, విజయవాడ

సమాధానం: మీ ఎడిటర్ మాట కాస్త కటువుగా ఉన్నా నిజమే. ఆ వాక్యంలో ప్రతి మాటా తెలుగువాళ్లు వాడేదే. కానీ అలా పేర్చి ఎవరూ మాట్లాడరు, ఎవరికీ చెప్పరు. ‘చేయబడవలెను’ అంటే చేయాల్సింది ఎవరు? మెమో అందుకున్నవాడికి ముందు తెలియాల్సింది అదే, ఆ క్రియ దాచిపెట్టిందీ అదే. ‘మరియు’ లేకుండానే తెలుగు రెండు మాటలను కలుపుతుంది, చివరి అచ్చును సాగదీస్తే చాలు: పేరూ వివరాలూ. నామకరణమంటే నాకు ఉయ్యాల, బంతిపూలు గుర్తొస్తాయి. వీడియోకు పేరు పెడతాం, అంతే.

‘వర్ణన’ మీద మాత్రం నాకు గట్టి అభ్యంతరమే ఉంది. కావ్యాలకు పద్దెనిమిది వర్ణనలు చెప్పారు మన ఆలంకారికులు. నగరం, సముద్రం, ఋతువులు, చంద్రోదయం వాటిలో కొన్ని. మీ ఎడిటర్లు వీడియో కింద రాసేది అలాంటిది కాదు. ఆ పద్యం ఎవరిది, ఎక్కడిది, ఎవరు పాడారు అన్నవి అక్కడ ఉండాలి. వాటిని వివరాలు అంటే సరిపోతుంది. కాబట్టి మెమో ఇలా మొదలుపెట్టండి: ‘సోమవారం నుంచి మనం వీడియోలకు పేరు పెట్టేటప్పుడూ, వివరాలు రాసేటప్పుడూ కింది పద్ధతి పాటిద్దాం.’

ఇక కవుల పేర్లు. పోతన, పోతన్న, పోతనామాత్యుడు మూడూ సరైనవే. ఒకటి సరైనదని రాశారో, మిగిలిన ఇద్దరు ఎడిటర్లు పుస్తకాలు పట్టుకుని మీ గదికి వస్తారు, గెలుస్తారు కూడా. మన వ్యాకరణంలో వైకల్పికం అనే మంచి మాట ఉంది. ‘ఏమి అంటివి’ అన్నది సంధి జరిగితే ఏమంటివి, జరగకపోతే ఏమియంటివి. రెండూ ఒప్పే, ఎంపిక రాసేవాడిది. వైకల్పికం ఉన్నచోట ఆ ఎంపికను ఆరుగురి చేతుల్లోంచి తీసుకుని ఒకచోట పెట్టడమే మీ మెమో పని. ‘తప్పు’ అనే మాటను నిజమైన తప్పులకు, అంటే పద్యాన్ని పధ్యం అని రాయడం వంటివాటికి, దాచుకోండి. మిగిలినచోట ‘మనం ఇలా రాస్తాం’ అంటే చాలు.

నన్నడిగితే పోతన అనే తీసుకోమంటాను. నన్నయ, తిక్కన పక్కన అదే పొందికగా నిలుస్తుంది. మిగతా రూపాలను పారేయకుండా వివరాల చివరి వరుసలో ఒక్కసారి ఇవ్వండి, ఆ పేరుతో వెతికేవారికి దారి ఉంటుంది. ఎఱ్ఱన దగ్గర మాత్రం జాగ్రత్త. బండి ఱ, మామూలు ర మన చెవికి ఇప్పుడు ఒకటే అయినా కంప్యూటర్‌కు రెండు వేరు అక్షరాలు. మీ వీడియోల జాబితాను ఒక పట్టికలో పెట్టి ‘ఎర్రన’ అని వెతికి చూడండి. బండి ఱతో రాసినవి ఒక్కటీ రావు. వెనుక ఒక సంకలనానికి అకారాది సూచిక తయారు చేస్తే, నా చేతిలోనే ఆ మహాకవి ఇద్దరయ్యాడు, చెరొక పేజీలో. ప్రూఫు దిద్దినవారు పట్టుకోబట్టి పరువు దక్కింది.

నమూనా అడిగారు కాబట్టి మీ ఎడిటర్లలో ఎవరైనా పెట్టగల పేరు ఒకటి ఊహించి రాస్తున్నాను:

శ్రీ మహాకవి బమ్మెర పోతనామాత్యులవారిచే విరచితమైన శ్రీమదాంధ్ర మహాభాగవతములోని గజేంద్ర మోక్షము నందలి అల వైకుంఠపురంబులో పద్యము

యూట్యూబ్ వీడియో పేరుకు 100 గుర్తులు మించి ఒప్పుకోదు. గుర్తు అంటే మనం అనుకునే అక్షరం కాదు. శ్రీ మనకు ఒక్క అక్షరం, అక్కడ శకారం, పొల్లు, రకారం, దీర్ఘ ఈకారం కలిసి నాలుగు. స్త్రీ అయితే ఆరు. పదాల మధ్య ఖాళీ కూడా లెక్కే. ఈ లెక్కన పై పేరు ‘అల’ దాకా వచ్చి, ఒక ఖాళీ వదిలేసరికి సరిగ్గా 100 నిండిపోయింది. భక్తి అంతా చూపించాం గానీ వైకుంఠపురం బయటే మిగిలింది. ఇలా మార్చండి:

అల వైకుంఠపురంబులో | గజేంద్ర మోక్షం | పోతన పద్యం

ఇది 47 గుర్తులే. పద్యం ఎత్తుగడను ముందు పెట్టడానికి కారణం ఉంది. తెలుగువాడు పద్యాన్ని మొదటి మాటలతోనే గుర్తుపెట్టుకుంటాడు. పాత పుస్తకాల వెనుక పద్యాల సూచికలూ ఆ వరుసలోనే ఉండేవి. ఫోనులో పేరు సగంలో తెగినా, తెగేది కవి పేరు దగ్గరే గానీ పద్యం దగ్గర కాదు.

ఆ పేరులో ఇంకొకటి గమనించండి. ‘మోక్షము’ మోక్షం అయింది, ‘పురంబులో’ మాత్రం అలాగే ఉంది. మోక్షం మీ మాట, పురంబులో పోతన మాట. మన వాక్యాన్ని ఈనాటి తెలుగులో రాసుకోవచ్చు. పద్యంలోనిదాన్ని ‘పురంలో’ అని సవరిస్తే మత్తేభం అక్కడే కుంటుతుంది. మెమోలో ఈ ఒక్క నియమానికి ఉదాహరణ తప్పక ఇవ్వండి, ఎందుకంటే ఒకే రీతి అనగానే ఉత్సాహవంతుడైన ఎడిటర్ పద్యాన్ని కూడా సరిచేసేస్తాడు.

వివరాలు ఇలా ఉండవచ్చు:

పోతన భాగవతం, అష్టమ స్కంధం. మొసలికి చిక్కిన ఏనుగు మొరపెట్టుకున్నప్పుడు వైకుంఠంలో విష్ణువు ఎక్కడ ఉన్నాడో ఈ పద్యం చెబుతుంది. ఛందస్సు: మత్తేభం.
పాడినవారు: …
ఇతర పేర్లు: బమ్మెర పోతన, పోతన్న, పోతనామాత్యుడు

ఇందులో ‘పోతనచే రచింపబడిన’ లేదు చూడండి. రాయాల్సి వస్తే ‘పోతన రాసిన’ అంటే సరి.

చివరిగా ఒక చిన్న విషయం. ఉత్తరంలో మీరు ‘ఛానల్’ అన్నారు, మెమోలో ‘ఛానెల్’ ఉంది. ఇంగ్లీషు మాటలో ఒత్తు లేదు కదా, ‘చానల్’ అనాలని కొందరంటారు. కానీ తెలుగులో చకారం పక్కన ఆకారం వస్తే ‘చాప’లోలాగా దంత్యంగా పలుకుతాం. ఆ పలుకుబడి తప్పించుకోవడానికే ఒత్తు ఛ స్థిరపడిందని నా అభిప్రాయం. కాబట్టి ఛ ఉంచండి. ‘నల్’, ‘నెల్’లలో నేనైతే ‘నల్’ తీసుకుంటాను. మీకు ‘నెల్’ నచ్చితే అదీ వైకల్పికమే, కానీ మెమో ఎడిటర్లకు చేరేలోపు ఏదో ఒకటి తేల్చుకోండి. ఆ ఎడిటర్ ఇది కూడా పట్టుకుంటాడు.