పొట్ట మాడ్చకు తల్లీ

అమ్మలూ,

నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వు చెప్పింది విన్నాక నిద్ర పట్టలేదు. మోషన్స్ మొదలై రెండు రోజులైంది, బుజ్జిగాడికి పదకొండు నెలలు, ఈ రెండు రోజులూ పల్చటి గంజి నీళ్లు తప్ప ఏమీ పెట్టలేదన్నావు. పాలు కూడా తగ్గించానన్నావు, "పొట్టకు రెస్ట్ ఇద్దామని". ఆ మాట నేనూ ఒకప్పుడు నమ్మాను. పెద్దవాడికి ఏడాది వయసులో మూడు రోజులు ఇలాగే కడుపు మాడ్చాను. నాలుగో రోజుకి మోషన్స్ తగ్గాయి కానీ, వాడి తొడలు పట్టుకుంటే చర్మం వేలాడింది. పోయిన బరువు తిరిగి రావడానికి రెండు నెలలు పట్టింది. తర్వాత నర్సు ఉద్యోగంలో ఎంతోమంది పిల్లల్ని చూశాకే నా తప్పు నాకు అర్థమైంది.

పేగు చెయ్యి విరిగినట్టు కాదు, కట్టు కట్టి కదలకుండా ఉంచడానికి. దాని లోపలి పొర నాలుగైదు రోజులకోసారి కొత్తగా పుడుతూ ఉంటుంది. ఆ కొత్త పొరకు బలం లోపల నుంచి వెళ్లే తిండి వల్లే వస్తుంది. తిండి ఆపితే పొర పల్చబడుతుంది, అరిగించే రసాలు తగ్గుతాయి, మోషన్స్ ఇంకా సాగుతాయి. "తింటే వెంటనే వెళ్తున్నాడు కదా" అంటావు. నిజమే, కొంత బయటికి పోతుంది. కానీ తిన్నదాంట్లో ఎక్కువ భాగం ఒంటికి పడుతుంది. డయపర్‌లో కనిపించేది చూసి పెట్టడం మానకు.

ముందు పాల సంగతి. రాత్రీ పగలూ, వాడు అడిగినప్పుడల్లా ఇయ్యి, మామూలు కంటే ఎక్కువసార్లు, ఎక్కువసేపు. జబ్బుతో ఉన్న బిడ్డ అన్నం వద్దన్నా చాలాసార్లు రొమ్ము వద్దనడు. తల్లిపాలల్లోని చక్కెర పడదేమో అని భయపడకు, విరేచనాల్లో కూడా చాలామంది పిల్లలకు అవి బాగానే అరుగుతాయి. నీళ్లు, ఉప్పులు, సూక్ష్మక్రిములతో పోరాడే పదార్థాలు అన్నీ అందులోనే ఉన్నాయి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్లీ కొంచెంకొంచెంగా పట్టించు. డబ్బా పాలు పడుతుంటే నీళ్లు ఎక్కువ కలపొద్దు, మామూలుగా కలిపే చిక్కదనమే ఉండాలి.

ప్రతి మోషన్ తర్వాత ఓఆర్ఎస్ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో మెల్లగా పట్టు. ప్యాకెట్ మీద లీటర్ అని ఉంటే మొత్తం ప్యాకెట్ లీటర్ నీళ్లలోనే కలుపు. సగం పొడి గ్లాసు నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై ప్రమాదం. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయి. నువ్వు కొన్న ఆ తియ్యటి జ్యూస్ బాటిల్ మాత్రం పక్కన పెట్టు. అందులోని చక్కెర పేగులోకి నీటిని లాగుతుంది, దానితో మోషన్స్ పెరుగుతాయి.

ఇక తిండి. గంజి నీళ్ల చిక్కు ఏమిటంటే, అవి పొట్ట నింపుతాయి కానీ బిడ్డను నింపవు. గిన్నెడు తాగినా అందులో ఉండేది ఎక్కువ నీళ్లే. నేను ఇలా పరీక్షించేదాన్ని: వండింది చెంచాలో తీసుకుని వంచితే జారిపోకుండా కాసేపు నిలబడాలి. బాగా ఉడికించిన మెత్తటి అన్నం, అందులో పప్పు, రెండూ కలిపి మెదిపి, ఒక టీస్పూను నూనెగానీ నెయ్యిగానీ వెయ్యి. ఆ ఒక్క టీస్పూను నూనెలో దాదాపు 40 క్యాలరీలు ఉంటాయి. "కొవ్వు పడదు" అని చాలామంది వద్దంటారు, నేను ఒప్పుకోను. చిన్న పొట్టలో బలం కుక్కాలంటే అంతకంటే సులువైన దారి లేదు.

మెదిపిన అరటిపండు మంచిది, విరేచనాల్లో పోయే పొటాషియం దాంతో కొంత తిరిగి వస్తుంది. పెరుగు, ఉడికించిన బంగాళాదుంప, బాగా ఉడికిన గుడ్డు అన్నీ పెట్టొచ్చు, వాడు ఇదివరకు తిన్నవైతే. కొత్త పదార్థం ఇప్పుడు మొదలెట్టకు. ఏమైనా తేడా వస్తే కారణం ఏదో తెలియదు.

రేపటి రోజు ఇలా గడుపు. పొద్దున లేవగానే పాలు, ఎనిమిదింటికి అరటిపండు పెరుగులో కలిపి నాలుగైదు చెంచాలు. పదకొండింటికి పప్పన్నం, రెండింటికి బంగాళాదుంప మెదిపి నూనె వేసి. సాయంత్రం ఐదింటికి గుడ్డు, రాత్రి ఎనిమిదింటికి మళ్లీ పప్పన్నం. మధ్యమధ్య పాలు. వాడు మూడు చెంచాలు తిని మొహం తిప్పేస్తే బలవంతం చెయ్యకు, గంట ఆగి మళ్లీ మూడు చెంచాలు. నోట్లో కుక్కితే వాంతి చేసుకుంటాడు, ఆపైన చెంచా చూస్తేనే ఏడుస్తాడు.

జింక్ గురించి అడిగావు, డాక్టర్ రాశారు కానీ వెయ్యాలా అని. వెయ్యి. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి చెప్పిన లెక్క ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, ఆరు నెలల లోపు వాళ్లకు 10, అదీ 10 నుంచి 14 రోజులు. మీ డాక్టర్ తక్కువ డోసు రాస్తే అదే వెయ్యి. టాబ్లెట్‌ను చెంచాలో పెట్టి, కొద్దిగా పిండిన చనుపాలుగానీ కాచి చల్లార్చిన నీళ్లుగానీ పోస్తే క్షణాల్లో కరుగుతుంది. గ్లాసులో కలపకు, సగం మిగిలిపోతే ఎంత తాగాడో ఎవరికి తెలుసు? ఇనుప రుచి ఉంటుంది, మూతి ముడుచుకుంటాడు, చివర పాలు పట్టు. అరగంటలోపు వాంతి చేసుకుంటే ఇంకో మాత్ర వెయ్యాలి.

ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. నాలుగో రోజుకి మోషన్స్ ఆగుతాయి, "తగ్గిపోయింది కదా" అని జింక్ మానేస్తారు. జింక్ పని మోషన్ ఆపడంతో అయిపోదు. పేగు కోలుకోవడానికీ, వచ్చే రెండు మూడు నెలల్లో మళ్లీ విరేచనాలు పట్టే అవకాశం తగ్గడానికీ ఆ పూర్తి రోజులు కావాలి. క్యాలెండర్ మీద వేసిన ప్రతి రోజూ టిక్ పెట్టుకో. మోషన్స్ బిగబట్టే మందులు మాత్రం ఎవరు చెప్పినా చిన్నపిల్లలకు వెయ్యొద్దు.

ఇవి కనిపిస్తే ఈ ఉత్తరం పక్కన పడేసి ఆసుపత్రికి పరుగెత్తు: మోషన్‌లో రక్తం, తాగలేకపోవడం లేదా తాగిందంతా వాంతి కావడం, కళ్లు లోపలికి పోవడం, మత్తుగా పడి ఉండటం, పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే మెల్లగా వెనక్కి వెళ్లడం, ఆరేడు గంటలుగా మూత్రం పోకపోవడం, ఎక్కువ జ్వరం. ఒంట్లో కొంత నీరు తగ్గిందని అక్కడ తేల్చితే మొదటి నాలుగు గంటలు ఓఆర్ఎస్, తల్లిపాలు మాత్రమే ఇస్తారు, అన్నం తర్వాతే. అది చూసి కంగారుపడకు. 14 రోజులకీ ఆగకపోతే అది వేరే సంగతి, మళ్లీ డాక్టర్‌కు చూపించాలి.

తగ్గాక వాడికి ఆకలి బాగా వేస్తుంది. రెండు వారాలపాటు రోజూ ఒక పూట ఎక్కువ పెట్టు, పోయింది తిరిగి వస్తుంది. ఈ రోజే ఒకసారి తూకం వేసి రాసిపెట్టుకో. రెండు వారాల తర్వాత మళ్లీ తూచి, రెండు అంకెలూ నాకు మెసేజ్ పెట్టు.

నీ పెద్దమ్మ