ప్యూరిఫైయర్లు అమ్ముతూ నేను తెలుసుకున్న తేడా

ప్రశ్న: కర్నూలులో ఒక గృహోపకరణాల షాపులో ఈమధ్యే చేరాను. మొదటిసారి కొనేవాళ్లకు ఫీచర్లన్నీ చెప్తుంటే తల ఊపి వెళ్లిపోతున్నారు. ఓనరేమో "ఫీచర్లు కాదు, బెనిఫిట్స్ చెప్పు" అంటారు. రెండింటికీ నిజంగా తేడా ఏమిటి?

అనంతపురంలో పదేళ్లకు పైగా వాటర్ ప్యూరిఫైయర్లు అమ్ముతున్నాను. మీ ఓనరు చెప్పింది సగమే నిజం. మిగతా సగం నాకు కళ్యాణదుర్గం వైపు పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ వల్ల తెలిసింది.

ఆమె భర్తతో కలిసి వచ్చింది. బెంగళూరులో పనిచేసే కొడుకు డబ్బులు పంపి మంచి మెషీన్ కొనుక్కోమన్నాడట. అంతకుముందు వాళ్లింట్లో ప్యూరిఫైయర్ లేదు. నేను ట్రైనింగ్‌లో నేర్పినట్టే మొదలుపెట్టాను. ఆర్ఓ ఉంది, యూవీ ఉంది, యూఎఫ్ ఉంది, 75 జీపీడీ మెంబ్రేన్, 8 లీటర్ల ట్యాంకు, టీడీఎస్ కంట్రోలర్ అని వరసగా చెప్పుకుంటూ పోయాను. ఆమె అంతా ఓపిగ్గా విని ఒకే మాట అడిగింది.

"ఇది పెడితే మా మనవడి పళ్లు తెల్లగా అవుతాయా నాయనా?"

పిల్లవాడికి తొమ్మిదేళ్లు. పళ్ల మీద గోధుమరంగు చారలు. మా జిల్లాలో చాలా ఊళ్లలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది, ఆ చారలు దాని గుర్తే. నేను సూటిగా జవాబు చెప్పలేదు. "నీళ్లు చాలా బాగుంటాయి పెద్దమ్మా, ఇంటిల్లిపాదికీ ఆరోగ్యం" అన్నాను. ఆమె నమ్మి కొనుక్కుపోయింది.

ఆ రోజు నేను చెప్పిన "ఆరోగ్యం" అన్న మాటను కంపెనీ ట్రైనింగుల్లో బెనిఫిట్ అంటారు. ఈ విషయంలో నాకు వాళ్లతో పూర్తిగా పేచీ ఉంది. కుక్కర్‌కైనా, ఫ్యాన్‌కైనా, మంచానికైనా ఆ మాట అతికించవచ్చు. అలాంటి మాట కంటే ఫీచరే మేలు, కనీసం దాన్ని మీటరు పెట్టి చూసుకోవచ్చు.

నెల తర్వాత సర్వీసుకు మా టెక్నీషియన్ సెలవులో ఉంటే నేనే ఆ ఊరు వెళ్లాను. పెద్దమ్మ సంతోషంగా ఉంది. మొదటి రెండు రోజులు నీళ్లు చప్పగా వచ్చాయని ఫోన్ చేస్తే, టెక్నీషియన్ వచ్చి "ఏదో తిప్పి" రుచి తెప్పించాడట. మీటరు పెట్టి చూశాను. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగి ఉన్న మొత్తం ఉప్పుల లెక్క. బోరు నీళ్లది 1400, మెషీన్ నీళ్లది 490. 500 లోపు ఉంటే సరే అన్నది మేమందరం నేర్చుకున్న లెక్క, తాగునీటి ప్రమాణంలో కూడా ఆ అంకె ఉంది. కాగితం ప్రకారం తప్పేమీ లేదు.

కానీ అది ఎలా 490 అయిందో చూడండి. కంట్రోలర్ మూసి ఉంచితే ఆ మెషీన్ 70 దగ్గర నీళ్లు ఇస్తుంది. కంట్రోలర్ అంటే చిన్న స్క్రూ ఉన్న వాల్వ్. దాన్ని తెరిస్తే, ఉప్పులను ఆపే ఆర్ఓ పొర అయిన మెంబ్రేన్ దాకా పోని నీళ్లు కొన్ని పక్కదారిన వచ్చి శుద్ధి అయిన నీళ్లలో కలుస్తాయి. 70 ఉన్న నీళ్లను 1400 ఉన్న నీళ్లతో కలిపి 490 చేయాలంటే దాదాపు మూడో వంతు బోరు నీళ్లు కలవాలి. అంటే ఆ గ్లాసులో మూడో వంతు నేరుగా బోరు నుంచి వచ్చిందే. యూవీ దీపం ఆ నీళ్లలోని క్రిములను చంపుతుంది గానీ ఫ్లోరైడ్‌ను ఏమీ చేయదు. టీడీఎస్ మీటరేమో మొత్తం ఉప్పులనే చూపిస్తుంది, అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు.

రెండు ప్లాస్టిక్ బాటిళ్లలో నీళ్లు పట్టి ల్యాబ్‌కు ఇచ్చాను. బోరు నీళ్లలో లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్, మెషీన్ నీళ్లలో 1.5. మన తాగునీటి ప్రమాణం ప్రకారం 1 వరకు మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. పిల్లల కోసం డబ్బు పెట్టి మెషీన్ కొన్న ఇల్లు సరిగ్గా హద్దు మీద నిలబడి ఉంది. బోరులో ఫ్లోరైడ్ ఇంకొంచెం ఎక్కువ ఉంటే హద్దు దాటేది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు వెళ్లి కంట్రోలర్ పూర్తిగా మూసేశాను. అప్పుడు కూర్చుని ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాను. "పెద్దమ్మా, పెద్ద మనవడి పళ్ల మీద వచ్చిన చారలు ఏ నీళ్లు తాగినా పోవు. చిగుళ్ల లోపల పన్ను తయారయ్యేటప్పుడే ఆ మచ్చ పడుతుంది. కానీ నీ మనవరాలికి రెండేళ్లే. పాలపళ్లు ఊడాక వచ్చే పళ్లు ఇప్పుడు లోపల తయారవుతున్నాయి. ఈ నీళ్లు ఆ పిల్ల కోసం." ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత "వంట కూడా దీంతోనేనా?" అంది. నేను షాపులో మాట్లాడిన ఇరవై నిమిషాల్లో ఈ ప్రశ్న ఆమెకు రాలేదు. ఉపయోగం ఏమిటో అర్థమయ్యాక దానంతట అదే వచ్చింది.

అవును, వంట కూడా. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. పప్పు, అన్నం బోరు నీళ్లతో వండి తాగేది మాత్రం ప్యూరిఫైయర్ నీళ్లయితే పని సగమే అయినట్టు. ఐదుగురున్న ఇంట్లో తాగడానికీ వంటకూ కలిపి రోజుకు 20 లీటర్లు అనుకున్నాం. షాపులో నేను గొప్పగా చెప్పిన 75 జీపీడీ అంటే గంటకు సుమారు 12 లీటర్లు. కాబట్టి 20 లీటర్లు కావాలంటే దాదాపు రెండు గంటలు కరెంటుండాలి, ట్యాంకు 8 లీటర్లే కనుక నిండినప్పుడల్లా బిందెలోకి పట్టుకోవాలి. ఈ మాట కొనే రోజే చెప్పి ఉంటే ఆమె బిందె సిద్ధంగా పెట్టుకునేది.

ఇష్టం లేకపోయినా చెప్పాల్సింది ఇంకోటుంది. ఒక లీటరు మంచినీళ్లకు సుమారు మూడు లీటర్లు పైపు నుంచి బయటికి పోతాయి. 20 లీటర్లకు 60 లీటర్లు. కరువు చూసిన జిల్లాలో ఈ సంగతి దాచి అమ్మడం నాకు ఇప్పటికీ మనసొప్పదు. ఆ నీళ్లతో గచ్చు కడుక్కోవచ్చు, బాత్రూముకు వాడుకోవచ్చు. గేదెలకు, మేకలకు మాత్రం పెట్టకూడదు. బోరు నీళ్లకన్నా అందులో ఫ్లోరైడ్ ఎక్కువే ఉంటుంది. పెద్దమ్మ అప్పటిదాకా ఆ పైపు కింద మేకల తొట్టి పెట్టింది.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. టీడీఎస్ కంట్రోలర్ ఒక ఫీచర్. నీళ్లు బాగా ఉప్పగా ఉండి ఫ్లోరైడ్ లేని ఇంట్లో అది నిజంగా ఉపయోగం, నీళ్లు తాగబుద్ధవుతాయి. పెద్దమ్మ ఇంట్లో అదే హాని. మెషీన్ అదే, స్క్రూ అదే. కాబట్టి ఉపయోగం పెట్టె మీద అచ్చువేసి ఉండదు, కొనేవాళ్ల ఇంట్లో ఉంటుంది. అడిగితేగానీ మీకు తెలియదు. మీ ఓనరు చెప్పని సగం ఇదే. ఫీచర్ పక్కన బెనిఫిట్ బట్టీ పట్టి అప్పజెప్పినా మీరు ఇంకా మెషీన్ గురించే మాట్లాడుతున్నట్టు.

మీ కర్నూలు సంగతే తీసుకోండి. తుంగభద్ర నీళ్లు మున్సిపల్ కుళాయిలో వచ్చే ఇంటికి ఆర్ఓ అవసరమే ఉండకపోవచ్చు. మీటరు పెట్టి చూస్తే తెలిసిపోతుంది. వానాకాలంలో బురద, క్రిములు వాళ్ల బాధ అయితే మంచి ఫిల్టరూ యూవీ చాలు, నీళ్లూ వృథా కావు. అదే వీధిలో బోరు మీద బతికే అపార్ట్‌మెంటుకు ఆర్ఓ కావాలి. మా దగ్గర సత్యసాయి పథకం నీళ్లు వచ్చే ఊళ్లున్నాయి. అక్కడ నేను అడిగే మొదటి ప్రశ్న, ఆ నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి, రాని రోజు ఏం తాగుతారు అని. జవాబు విన్నాకే మెషీన్ వైపు చెయ్యి చూపిస్తాను.

పక్కదారి పట్టినా ఒకటి చెప్పకుండా ఉండలేను. కొందరు ఇంటికొచ్చి రెండు గ్లాసుల్లో ఇనప కడ్డీలు పెట్టి కరెంటు ఇస్తారు. బోరు నీళ్లు తుప్పు రంగులోకి మారి తెట్టె కడుతుంది, ఆర్ఓ నీళ్లు తేటగా ఉంటాయి. "చూశారా, ఇన్నాళ్లూ మీరు తాగింది ఇదే" అంటారు. ఆ తుప్పు నీళ్లలోది కాదు, కడ్డీలోది. నీళ్లలో ఉప్పులుంటే కరెంటు బాగా పారి ఇనుము కరుగుతుంది, అంతే. ఆ ఆర్ఓ గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ పెట్టమనండి, అదీ ఎర్రబడుతుంది. మొదటిసారి కొనేవాళ్లను భయపెట్టి అమ్మడానికి ఇంతకన్నా నీచమైన పద్ధతి నేను చూడలేదు. మీ షాపులో అలాంటి పరికరం ఉంటే ముట్టుకోకండి.

ఫీచర్లు అసలు చెప్పొద్దని కాదు. రెండో మెషీన్ కొనడానికి వచ్చినవాళ్లు తిన్నగా మెంబ్రేన్ ఏది, ఫిల్టర్లు ఎంతకు దొరుకుతాయి అని అడుగుతారు. వాళ్లకు అంకెలే కావాలి. మొదటిసారి కొనేవాళ్లకు కూడా ఒకట్రెండు ఫీచర్లు చివర్లో చెప్తాను, అవి పనిచేయడం మానేస్తే ఇంట్లో ఎలా తెలుస్తుందో కలిపి చెప్తాను.

పెద్దమ్మకు కూడా అలాగే చెప్పాను. "కంట్రోలర్ మూసేశాను, ఇక నీళ్లు చప్పగానే ఉంటాయి. పది రోజుల్లో నాలుకకు అలవాటవుతుంది. ఎప్పుడైనా మళ్లీ రుచిగా అనిపిస్తే మెంబ్రేన్ పాడైందని గుర్తు, నాకు ఫోన్ చెయ్యి."

పద్నాలుగు నెలల తర్వాత ఒక పొద్దున ఫోన్ వచ్చింది. "నాయనా, రెండు రోజుల నుంచి నీళ్లు రుచిగా ఉన్నాయి, ఎవరినైనా పంపు" అంది. టెక్నీషియన్ వెళ్లి చూస్తే టీడీఎస్ 400 దాటి ఉంది. మెంబ్రేన్ మార్చి వచ్చాడు.