దద్దుర్లు, పెదవి వాపు: ఫొటోల్లో తేడా

అమ్మకు దద్దుర్లు గంటల్లో వచ్చి పోతాయి. ఈరోజు పెదవి, కనురెప్పలు వాచాయి. ఫొటోలు పెట్టాను. రెండూ ఒకటేనా? (తిరుపతి)

చాలాసార్లు మూలం ఒకటే, లోతు వేరు. చేతిమీది ఉబ్బులకు అంచు తేటగా ఉంది, అది చర్మం పైపొరలోది. పెదవి వాపు లోపొరలోది: అంచు తెలియదు, దురదకన్నా బిగుతు ఎక్కువ, తగ్గడానికి 2, 3 రోజులు పట్టొచ్చు.

ఒక దద్దురు చుట్టూ పెన్నుతో గీసి, కొన్ని గంటలకోసారి ఫొటో తీయండి. 24 గంటలు దాటినా అదే చోట ఉంటే, కమిలిన మచ్చ మిగిలితే మామూలు దద్దురు కాకపోవచ్చు, చర్మ డాక్టరుకు చూపించండి.

దద్దుర్లు లేకుండా పెదవి ఒక్కటే వాస్తే బీపీ మాత్ర పేరు చూడండి. ఎనాలాప్రిల్, రామిప్రిల్ ఏళ్లుగా వాడుతున్నా ఇలా చేయగలవు. డాక్టరుకు ఆరోజే చెప్పాలి.

నాలుక వాచినా, గొంతు మారినా, ఊపిరి ఆడకపోయినా ఫొటోలు పక్కన పెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి.